పిలుపులో దొరికే పేరు: వృత్తి, అలవాటు, బంధుత్వం మాత్రమే గుర్తున్న పాత్రల నామాన్వేషణ (భామాకలాపం, కన్యాశుల్కం ఆధారంగా)

ఒక నాటకాన్నో నవలనో చదివి కొన్నేళ్ళయిన తరువాత అందులోని పాత్రను తలచుకోబోతే పేరు రాదు. ఆ మనిషి ఏం చేసేవాడో, అతని తీరు ఎలాంటిదో, కథానాయకుడికో నాయికకో ఏమవుతాడో మాత్రం స్పష్టంగా గుర్తుంటుంది. "కన్యాశుల్కంలో ఆడపిల్ల వేషం వేసి ముసలివాణ్ణి పెళ్ళాడిన కుర్రవాడు ఉన్నాడే, అతనూ..." అని ఆగిపోవడం తెలుగు చదువుకున్న వారందరికీ అనుభవమే. పాత్రల సూచికలు ఈ ఇబ్బందికి పనికిరావు. అవి పేర్ల అకారాది క్రమంలో ఉంటాయి గనుక పేరు తెలిసినవాడికే దారి చూపుతాయి. పేరు మరచినవాడు గ్రంథమంతా మళ్ళీ తిరగవేయవలసిందే.

గుర్తున్న మూడు ఆనవాళ్ళనుంచి, అంటే వృత్తి, అలవాటు, ప్రధానపాత్రతో సంబంధం అనే వాటినుంచి, గ్రంథంలోని పేరుకు చేరే మార్గం ఏదైనా ఉన్నదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తున్న ప్రశ్న. ఉన్నదనే నా అభిప్రాయం. అయితే ఆ మార్గం వృత్తి వైపునుంచి గాని అలవాటు వైపునుంచి గాని పోదు. తెలుగులో ఒక మనిషిని ఎవరు పేరుపెట్టి పిలువవచ్చునో, ఎవరు పిలువకూడదో బంధుత్వమే నిర్ణయిస్తుంది. కాబట్టి పేరు ఎవరి నోట వినబడుతుందో ముందుగా ఊహించగలిగితే, గ్రంథంలో ఏ పుటలు తెరవాలో తెలుస్తుంది. దీనిని రెండు నాటకాలతో చూపుతాను. ఒకటి కృష్ణా దిగువ డెల్టాలో పుట్టిన కూచిపూడి భామాకలాపం, రెండవది గురజాడ కన్యాశుల్కం.

వృత్తి గుర్తుండి పేరు పోవడానికి కారణం

ఇది వయసు లక్షణమో అశ్రద్ధో కాదని మనోవిజ్ఞానశాస్త్రం చెబుతుంది. 1987లో మెక్‌వీనీ, యంగ్, హే, ఎలిస్ అనే పరిశోధకులు కొందరికి అపరిచితుల ముఖచిత్రాలు చూపి, ఒక్కొక్క ముఖానికి ఒక ఇంటిపేరునూ ఒక వృత్తినీ నేర్పారు. ఇంగ్లీషులో బేకర్ అనే మాట రొట్టెలు కాల్చేవాడి వృత్తినామమూ అవుతుంది, ఇంటిపేరూ అవుతుంది. ఆ ఒకే మాట వృత్తిగా నేర్పినప్పుడు బాగా గుర్తున్నది, ఇంటిపేరుగా నేర్పినప్పుడు జారిపోయింది. మాటలో తేడా లేదు, ధ్వనిలో తేడా లేదు. వృత్తి అనగానే పొయ్యి, పిండి, వేకువన లేవడం, అంగడి, ఇన్ని సంగతులు దానికి అల్లుకుంటాయి. పేరుకు అల్లుకోవడానికి ఏమీ లేదు.

తెలుగు రచనల్లో ఈ సంగతి మరికొంత చిక్కుగా ఉంటుంది. మన పేర్ల చివర వృత్తిని తలపించే మాటలున్నా వాటిలో చాలావరకు వృత్తి మిగలలేదు. కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు వకీలు. రామప్పపంతులు ఏ బడిలోనూ చదువు చెప్పడు. "ఎవరో పంతులు" అని గుర్తున్నంత మాత్రాన ఇద్దరిలో ఎవరో తేలదు. మరోవైపు పేరులోనే స్వభావాన్ని పొదిగిన సందర్భాలున్నాయి. లుబ్ధావధాన్ల లోభం, అగ్నిహోత్రావధాన్ల కోపం, సౌజన్యారావు మంచితనం గుర్తుంటే పేర్లు వాటంతటవే వస్తాయి. కరటకశాస్త్రి జిత్తులు గుర్తుంటే, పంచతంత్రం చదివినవాడికి ఆ నక్క పేరు తట్టకుండా ఉండదు. గురజాడ ఈ పేర్లు పెట్టడంలో వ్యంగ్యాన్ని మాత్రమే విమర్శకులు గమనించారు. అవి జ్ఞాపకానికి వేసిన కొక్కేలు కూడా అని చేర్చుకోవచ్చు. చిక్కు వచ్చేది అలాంటి కొక్కెం లేని పేర్ల దగ్గర.

భామాకలాపంలో పేరు చెప్పనివారు, పేరు దక్కనివారు

సిద్ధేంద్రయోగి రచనగా సంప్రదాయం చెప్పే భామాకలాపంలో, మన ప్రశ్ననే రంగం మీద ఆడి చూపే ఘట్టం ఒకటున్నది. కృష్ణవిరహంతో ఉన్న సత్యభామను చెలికత్తె మాధవి, నీ భర్త పేరేమిటని అడుగుతుంది. సత్యభామ చెప్పదు. కులస్త్రీ మగని పేరు నోట పలకరాదు గనుక సిగ్గుపడి, ఆనవాళ్ళతో సూచించి తప్పించుకోజూస్తుంది. మాధవి వదలదు, తెలియనట్లు నటిస్తూ మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. రంగానికి ఇటువైపు కూర్చున్న ఊరివారందరికీ ఆ పేరు తెలుసు. తెలిసిన పేరును ఆనవాళ్ళ వెనుక దాచడంలోనే ఆ హాస్యమంతా ఉన్నది.

అలంకారశాస్త్రం దృష్టితో చూస్తే దీనిని పర్యాయోక్తానికి ఉదాహరణ అని సరిపెట్టవచ్చు. కాని ఇక్కడి విశేషం అలంకారం కంటె ఆచారానికి చెందినది. కొత్త దంపతులు ఇంట అడుగుపెట్టేటప్పుడు ఆడపడుచులు వాకిలికి అడ్డం నిలిచి, ఒకరి పేరు ఒకరిచేత చెప్పించే వేడుక నేటికీ మన ఇళ్ళలో ఉన్నది. ఆ ఒక్క రోజు తరువాత ఆ పేరు ఆమె నోట వినబడడం అరుదు. అవనిగడ్డలో మా నాయనమ్మ వారపత్రికల సీరియళ్ళ కథలు చెప్పేటప్పుడు కూడా పాత్రలను "ఆ పిల్ల అత్తగారు", "ఆ డాక్టరు తోడల్లుడు" అనే చెప్పేది. పేర్లు మరచిపోయి కాదు. కథలోని మనుషులను ఇంటి మనుషుల వరుసలోనే నిలిపి చెప్పడం ఆమెకు సహజం. విన్న మాకు మాత్రం వరుసలే మిగిలాయి.

కాబట్టి భామాకలాపం మనకిచ్చే మొదటి సూత్రం నిషేధరూపంలో ఉన్నది. వెతుకుతున్న పాత్ర ఎవరికైనా భర్త అయితే, అతని పేరు కోసం భార్య సంభాషణలు వెతకడం వృథా. భర్త మాత్రమే కాదు. మామగారు, అత్తగారు, పెద్దన్నగారు, గురువుగారు, ఎవరైనా తమకంటె పెద్దవారయితే చిన్నవారి నోట వారి పేరు రాదు. పేరు వినబడేది సమానుల నోటా, పెద్దల నోటా. చెలికత్తె పేరు నాయిక నోట ఎన్నిసార్లయినా వస్తుంది, నాయిక మగని పేరు ఆమె నోట రాదు.

ఇదే నాటకంలో, పేరు అడిగిన ఆ మనిషి పేరే చాలామంది ప్రేక్షకులకు గుర్తుండదు. "సత్యభామ దగ్గర ఉండి హాస్యమాడేవాడు, ఉత్తరం పట్టుకెళ్ళేవాడు, ముక్కెర ఇస్తే గాని కదలనన్నవాడు" అని చెబుతారు. గమనించండి, 'వాడు' అంటారు. వృత్తి దూతకార్యం, అలవాటు వేళాకోళం, నాయికకు సంబంధం చెలిమి. మూడు ఆనవాళ్ళూ చక్కగా ఉన్నాయి, పేరు లేదు. దీనికి కారణం ప్రదర్శన పద్ధతిలోనే ఉన్నది. తాళం పట్టి ప్రదర్శనను నడిపే సూత్రధారుడే ఆ పాత్రనూ ధరిస్తాడు. సత్యభామతో మాట్లాడేటప్పుడు అతడు మాధవి, కృష్ణుడితో మాట్లాడేటప్పుడు మాధవుడు. వేషం మార్చడానికి తెర వెనక్కు పోడు. ఒకే శరీరంలో సూత్రధారుడు, చెలికత్తె, చెలికాడు అనే ముగ్గురున్నారు. కళ్ళకు కనబడినది సూత్రధారుడు కాబట్టి జ్ఞాపకం ఆ వృత్తినామాన్ని పట్టుకుంటుంది.

ఈ పేరును తిరిగి రాబట్టడానికి వృత్తినుంచి బయలుదేరితే పొరబాటు వస్తుంది. సూత్రధారుడు అన్న మాట ప్రతి కలాపానికీ వర్తిస్తుంది. ముక్కెర ఘట్టంనుంచి బయలుదేరితే ఆ ఘట్టం దొరుకుతుంది గాని పేరు దొరకడం అదృష్టాన్ని బట్టి ఉంటుంది. సంబంధంనుంచి బయలుదేరితే సంగతి వేరు. చెలికత్తె నాయికకు సమానురాలు, కొంత లోకువ కూడా. నాయిక తన బాధ చెప్పుకోవాలంటే ముందు ఆమెను పిలవాలి. కాబట్టి సత్యభామ మాటలు మొదలయ్యే చోట్ల చూడాలి. అక్కడ మాధవి అన్న పిలుపు మాటిమాటికీ ఉంటుంది. కృష్ణుడి మాటల్లో చూసినవాడికి మాధవుడు దొరుకుతాడు. రెండూ సరైన సమాధానాలే. ఏది చెప్పాలన్నది మనం అడిగిన ప్రశ్నలో ప్రధానపాత్ర ఎవరన్న దానిమీద ఆధారపడుతుంది. "సత్యభామకు ఏమవుతుంది?" అని అడిగితే మాధవి. మాధవుడు కృష్ణుడి పేరు కూడా కావడం మరో చిక్కు. ఈ పేరు నోటి చివరికి వచ్చినా, అది దేవుడి పేరు కదా అని తోసివేసే అవకాశం ఉన్నది.

వేషధారి పేరు పాత్ర పేరును మింగివేయడం కూడా కూచిపూడిలో తరచు కనబడుతుంది. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామను చూసినవారు దశాబ్దాల తరువాత కూడా ఆ జడను, ఆ నడకను ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. సత్యభామ పురాణపాత్ర గనుక పేరుకు నష్టం లేదు. మాధవి వంటి కల్పిత సహాయపాత్రకు ఆ రక్షణ లేదు.

ఇద్దరు శిష్యులు

ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్నకు వద్దాం. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో గురజాడ విస్తృతంగా మార్చి వెలువరించిన కన్యాశుల్కంలో, ఆడపిల్లగా లుబ్ధావధాన్లను పెళ్ళాడిన కుర్రవాడి పేరేమిటి? గుర్తున్నది ఇంత: అతడు శిష్యుడు. చురుకైనవాడు, వేషాలు వేయగలడు. పెళ్ళి తరువాత మాయమవుతాడు, దానివల్ల ముసలివాడి మీద హత్యానేరం పడుతుంది.

ఈ ప్రశ్నకు చాలామంది నోట ముందుగా వచ్చే సమాధానం వెంకటేశం. ఈ తప్పు యాదృచ్ఛికం కాదు, దానికి మూడు కారణాలు కలిసివచ్చాయి. మొదటిది, నాటకంలో శిష్యులు ఇద్దరున్నారు. వెంకటేశం గిరీశానికి శిష్యుడు. ఆడవేషం వేసినవాడు కరటకశాస్త్రికి శిష్యుడు. రెండవది, గ్రంథంలో ఈ కుర్రవాడి మాటలకు ముందు వక్తను సూచిస్తూ ఉండేది 'శిష్యుడు' అన్న మాటే. అంటే చదువరికి పుట పుటకూ కనబడేది వృత్తి వంటి ఆ సంబంధమే. మూడవది శబ్దసామ్యం. గిరీశం, వెంకటేశం, మహేశం, మూడు పేర్లకూ ఒకే ముగింపు. నాలుక చివర ఉన్న మాట కోసం తడుముకునేటప్పుడు దాన్ని పోలిన మరో మాట ముందుకు వచ్చి దారికి అడ్డం నిలుస్తుందని మనోవిజ్ఞానులు చాలాకాలంగా చెబుతున్నారు. వెంకటేశం అలా అడ్డం నిలిచిన పేరు. అది వచ్చిన తరువాత మహేశం అన్న పేరు రావడం మరింత కష్టం.

అలవాట్లు ఇక్కడ సహాయపడకపోగా దారి తప్పిస్తాయి. చుట్ట కాల్చేది ఎవరంటే గిరీశం గుర్తుకు వస్తాడు, కాని ఆ విద్య అతనినుంచి వెంకటేశానికి కూడా అబ్బింది. గురువు దగ్గర చదువుకు బదులు మరేదో నేర్చుకోవడం ఇద్దరు శిష్యులకూ ఉన్నది. ఒకడు చుట్ట కాల్చడం నేర్చాడు, మరొకడు వేషం కట్టడం నేర్చాడు. నాటకంలో అలవాట్లు ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాయి, జ్ఞాపకంలో మరింత తేలికగా అంటుకుంటాయి. కాబట్టి అలవాటు ఒక్కదానితో పేరును నిర్ధారించడం ఎన్నడూ క్షేమం కాదు.

ఇక సంబంధాన్ని పట్టుకుందాం. ఆడవేషం వేసిన కుర్రవాడిని ఎవరు పేరుపెట్టి పిలుస్తారు? పెళ్ళి జరిగిన ఇంట్లోవారు పిలువలేరు, వారికి అతడు ఆడపిల్ల. రామప్పపంతులు పిలువడు, అతడూ మోసపోయినవాడే. గిరీశానికి ఈ పన్నాగంతో సంబంధం లేదు. మిగిలింది గురువు. గురువు శిష్యుణ్ణి పేరుపెట్టి పిలవడానికి ఏ అడ్డూ లేదు. అయితే కరటకశాస్త్రి కూడా ఎక్కడపడితే అక్కడ పిలువలేడు. అగ్రహారంలో అతడు గుంటూరు శాస్త్రుల వేషంలో ఉన్నాడు, కుర్రవాడు అతని కూతురు. నలుగురిలో పేరు పలికితే గుట్టు బయటపడుతుంది. అందువల్ల వెతకవలసిన తావు మరింత ఇరుకవుతుంది. గురుశిష్యులు ఇద్దరే ఏకాంతంగా ఉన్న చోట్లు, లేదా గుట్టు తెలిసిన మధురవాణి సమక్షం. ఆ కొద్ది పుటల్లో, గురువు పిలుపులో, మహేశం అన్న పేరు దొరుకుతుంది. నాటకం మొత్తం తిరగవేయనక్కరలేదు.

దొరికిన పేరు సరైనదని ఎలా తెలుస్తుంది? పేరునుంచి ఆనవాళ్ళకు వెనక్కు నడిచి చూడాలి. వెంకటేశం అన్న సమాధానాన్ని ఇలా పరీక్షిస్తే వెంటనే విరుగుతుంది. వెంకటేశం అగ్నిహోత్రావధాన్ల కొడుకు, కరటకశాస్త్రికి మేనల్లుడు. అతని చెల్లెలు సుబ్బిని లుబ్ధావధాన్లకు కట్టబెట్టకుండా ఆపడానికే ఈ పన్నాగమంతా. అన్నగారే వధువు వేషం వేస్తే ఆ సంగతి మనకు అంత సులభంగా మరపు వచ్చేది కాదు. ఒక ఆనవాలు సరిపోయి మరొకటి విరిగిందంటే, దొరికినది అడ్డుపేరని గ్రహించాలి.

ఇందులో విమర్శకు సంబంధించిన సంగతి ఒకటున్నది. "ప్రధానపాత్రకు శిష్యుడు" అని గుర్తుపెట్టుకున్న పాఠకుడు వెంకటేశం అన్నాడంటే, అతని మనసులో ప్రధానపాత్ర గిరీశం అన్నమాట. "నాయికకు తోడుగా నిలిచిన కుర్రవాడు" అని గుర్తుపెట్టుకున్నవాడు మధురవాణిని కేంద్రంగా నిలిపి చదివాడు. కన్యాశుల్కానికి నాయకుడెవరు, గిరీశమా మధురవాణియా అన్న పాత చర్చకు మరచిన పేర్లు కూడా సాక్ష్యం ఇస్తాయి. గిరీశం కేంద్రంగా చదివేవారికి మహేశం అంచుకు పోతాడు. నిజానికి కథలో జరిగే ఒకే ఒక్క పెళ్ళికి వధువు అతడే, ఆ పెళ్ళి చుట్టూనే రెండవ సగమంతా తిరుగుతుంది. అంతటి పని చేసిన పాత్రను మన విమర్శవ్యాసాలు కూడా 'కరటకశాస్త్రి శిష్యుడు' అనే తరచు సరిపెట్టడం నాకు న్యాయంగా తోచదు.

పేరు లేదన్నదే సమాధానమైనప్పుడు

ఈ పద్ధతికి ఒక హద్దున్నది. కొన్ని పాత్రలకు వెతికినా పేరుండదు. విజయనగరంలో గిరీశానికి అన్నం పెట్టి, మొదటి అంకంలోనే చీపురుతో అతన్ని వెతుక్కుంటూ మధురవాణి ఇంటికి వచ్చిన స్త్రీ పూటకూళ్ళమ్మ. వృత్తి తెలుసు, కోపం తెలుసు, గిరీశంతో సంబంధం ఎలాంటిదో తెలుసు. పేరు మరచిపోయామేమోనని అనుమానించి వెతికేవారు మొదట అడగవలసినది, ఆమెకు అత్యంత సన్నిహితుడైన గిరీశం ఆమెను ఏమంటాడని. అతడూ పూటకూళ్ళమ్మ అనే అంటాడు. దగ్గరివాడి నోట కూడా వృత్తే వినబడితే వెతుకులాట అక్కడితో ఆపవచ్చు. మనం మరచినది ఏమీ లేదు, రచయిత పేరు ఇవ్వలేదు. విశ్వనాథ వేయిపడగలలో గణాచారి కూడా ఇలాంటిదే. అది దైవసంబంధమైన పదవి పేరు, ఊరికీ పాఠకుడికీ ఆమె గణాచారే. అయితే రెండింటికీ తేడా ఉన్నది. గణాచారికి పదవి ముందు వ్యక్తినామం చిన్నదైపోయింది. పూటకూళ్ళమ్మకు పేరుండవలసిన అవసరం చుట్టుపక్కల ఎవరికీ కలగలేదు.

లోకువైనవారికే పేరుండదని దీనినుంచి తేల్చరాదు. లుబ్ధావధాన్ల ఇంటి పాలేరు అసిరిగాడి పేరు పాఠకులు మరవరు. అతన్ని పనికి పిలవవలసిన యజమాని ఇంట్లోనే ఉన్నాడు, మాటిమాటికీ పేరు పలుకుతాడు. అగ్నిహోత్రావధాన్ల భార్య ఆ ఇంటి యజమానురాలు. అయినా 'వెంకటేశం తల్లి' అని గుర్తున్నంతగా వెంకమ్మ అని గుర్తుండదు. కొడుకుకు, కూతుళ్ళకు ఆమె అమ్మ. వారి సంభాషణలు ఎన్ని చదివినా పేరు రాదు. ఆమెతో సమానంగానో పైగానో ఉండి మాట్లాడగలవారి మాటలు చూడాలి, అంటే భర్తవి, పుట్టింటివారివి. మన కథల్లో పెద్దింటి స్త్రీల పేర్లు పాలేర్ల పేర్లకంటె త్వరగా మరపున పడటానికి కారణం ఈ పిలుపుల లెక్కే.

విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు పాత్రల సూచికలు తయారుచేసేవారు ఈ లెక్కను ఉపయోగించుకోవచ్చు. పేరు కింద ఒక ఆరోపం, సంబంధం కింద మరో ఆరోపం ఉండి, రెండవది మొదటిదానికి దారి చూపాలి. శబ్దసామ్యం వల్ల అడ్డుపడే పేరును కూడా అక్కడే చెప్పి హెచ్చరించాలి. ఉదాహరణకు శకారం కింద ఇలా ఉండవచ్చు: "శిష్యుడు, కరటకశాస్త్రికి, వధువు వేషం, పేరు గురువు పిలుపులో, చూడు: మహేశం. వెంకటేశం కాదు." సకారం కింద: "సత్యభామ చెలికత్తె, సూత్రధారుడే ధరిస్తాడు, ఉత్తరం, ముక్కెర, పేరు నాయిక పిలుపులో, చూడు: మాధవి. కృష్ణుడి ఎదుట మాధవుడు." పకారం కింద పూటకూళ్ళమ్మ అన్న మాట తరువాత 'చూడు' అని రాయవలసిన పని లేదు.